మెడికల్ షాపు ప్రాజెక్ట్ రిపోర్టులో 28.5 శాతం మార్జిన్: నమ్మొచ్చా?

ప్రశ్న: మా తమ్ముడు బీ ఫార్మసీ చేశాడు. ఖమ్మంలో మెడికల్ షాపు పెట్టడానికి 10 లక్షల లోను కోసం కన్సల్టెంట్‌తో ప్రాజెక్ట్ రిపోర్టు రాయించాం. నెలకు అమ్మకం 6 లక్షలు, గ్రాస్ మార్జిన్ 28.5 శాతం, ఖర్చులు 48 వేలు (అద్దె 15, ఇద్దరు కుర్రాళ్లకి 18, కరెంటు 5, ఇతరాలు 10), నెలకు మిగిలేది 1 లక్షా 23 వేలు అని ఉంది. ఈ లైన్లో మామూలుగా ఎంత ఉంటుంది? ఈ అంకెలు నమ్మొచ్చా?

సమాధానం:

నమ్మొద్దండీ. మార్జిన్ 28.5 కాదు, 17 దగ్గర పెట్టుకోండి. ఖర్చులు 48 వేలు కాదు, 80 వేల దాకా వస్తాయి. అయినా షాపు పెట్టొద్దని నేను చెప్పడం లేదు. ఈ రెండు అంకెలూ సరిచేశాక కూడా లోను కట్టే దారి సన్నగా కనిపిస్తోంది. ఎలా వచ్చాయో వరసగా చెబుతాను. మీరూ తమ్ముడూ కాగితం దగ్గర పెట్టుకుని చూడండి. నేను పదిహేనేళ్లు మందుల స్టాకిస్టుగా చేశాను, ఇప్పుడు చిన్న వ్యాపారాల లోను ఫైళ్లకు లెక్కలు చూస్తున్నాను. ఇలాంటి రిపోర్టులు నా బల్ల మీదకి తరచూ వస్తుంటాయి.

మందుల వ్యాపారంలో ఒక సౌకర్యం ఉంది. బట్టల షాపు మార్జిన్ ఎంతో ఊళ్లో ఎవరూ నిజం చెప్పరు. మందుల మార్జిన్ మాత్రం బిల్లు మీదే రాసి ఉంటుంది. తెలిసిన షాపాయన దగ్గర స్టాకిస్టు ఇచ్చిన కొనుగోలు బిల్లు ఒకటి అడిగి చూడండి. ప్రతి మందు పక్కన రెండు ధరలు ఉంటాయి. ఒకటి పీటీఆర్, అంటే షాపుకి పడే ధర. రెండోది ఎమ్మార్పీ. మీకు కావలసిన పరిశ్రమ సగటు ముందుగా అక్కడే దొరుకుతుంది.

ఒక స్ట్రిప్ తీసుకుందాం. ఎమ్మార్పీ 105 రూపాయలు. 2025 సెప్టెంబరు 22 నుంచి మందుల మీద జీఎస్టీ 5 శాతం (కొన్ని ప్రాణరక్షక మందులకి అదీ లేదు). కాబట్టి ఈ 105లో 5 రూపాయలు పన్ను, అసలు ధర 100. ప్రభుత్వ ధరల నియంత్రణలో లేని బ్రాండెడ్ మందులకి రిటైలర్ మార్జిన్ 20 శాతం అన్నది ఈ లైన్లో ఏళ్లుగా నడుస్తున్న పద్ధతి. అంటే మీకు 80కి పడుతుంది, దాని మీద 4 రూపాయల జీఎస్టీతో కలిపి 84 కడతారు. అమ్మినప్పుడు గల్లాపెట్టెలోకి 105 వస్తుంది. తేడా 21 కనిపిస్తుంది గానీ అందులో ఒక రూపాయి జీఎస్టీ కింద కట్టాలి. మీకు మిగిలేది 20. జీఎస్టీ లేని అమ్మకం 100 మీద 20, అంటే 20 శాతం. ఇది డిస్కౌంటు ఇవ్వకముందు, మంచి రోజు లెక్క.

మరి 28.5 ఎక్కడిది? ఆ అంకె చూడగానే నాకు అర్థమైంది. పాత 12 శాతం జీఎస్టీ రోజుల్లో 100 రూపాయల ఎమ్మార్పీ ఉన్న మందుకి పీటీఆర్ 71 రూపాయల 43 పైసలు ఉండేది. 100ని 1.12తో భాగిస్తే 89.29, అందులోంచి 20 శాతం తీస్తే 71.43. మీ కన్సల్టెంట్ 100లోంచి 71.43 తీసేసి 28.57 అని రాసుకున్నట్టున్నాడు. అంటే అమ్మకం జీఎస్టీతో కలిపి, కొనుగోలు జీఎస్టీ లేకుండా తీసుకున్నాడు. ప్రభుత్వానికి కట్టాల్సిన పన్ను కూడా మీ లాభంలో కలిసిపోయింది. పైగా ఆ రేటు ఇప్పుడు లేదు కూడా. అదే తప్పు ఈ రోజు రేటుతో చేసినా 24 లోపే వస్తుంది. ఎక్కడి నుంచో పాత రిపోర్టు తెచ్చి పేరు మార్చినట్టు ఉంది. రిపోర్టులో జీఎస్టీ రేటు ఎంత వేశాడో వెతకండి, 12 అని కనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు.

ఇలాంటిదే ఇంకో పొరపాటు. 80కి కొని 100కి అమ్మితే కొన్న ధర మీద లాభం 25 శాతం, అమ్మిన ధర మీద 20 శాతం. రెండూ నిజమే, కానీ గ్రాస్ మార్జిన్ అంటే ఎప్పుడూ అమ్మిన ధర మీదే. మందుల ధరల నియంత్రణ ఉత్తర్వు, 2013లో గరిష్ఠ ధర కట్టే సూత్రం రిటైలర్‌కి 16 శాతం ఇస్తుంది గానీ, అది షాపుకి పడే ధర మీద 16. అమ్మకం మీద లెక్కేస్తే 116లో 16, అంటే 13.8 శాతం. కొన్ని కంపెనీలు అమ్మకం ధరలోంచే 16 తీసి ఇస్తాయి. అందుకే నియంత్రణలో ఉన్న మందులకి నేను 15 అని వేసుకుంటాను. ఏదైనా సగటు చెప్పినవాళ్లని ముందు అడగాల్సింది "దేని మీద శాతం, జీఎస్టీతోనా లేకుండానా" అని. ఆ రెండూ తెలియకుండా ఎవరి అంకెతోనూ మీ అంకె పోల్చకండి.

ఇప్పుడు మొత్తం షాపుకి మార్జిన్ కడదాం. షాపులో ఒకే రకం సరుకు ఉండదు. జీఎస్టీ తీసేశాక 100 రూపాయల అమ్మకం అనుకోండి. కాలనీ షాపుకి నేను సాధారణంగా వేసే వాటాలు ఇవి: 50 రూపాయలు మామూలు బ్రాండెడ్ మందులు, 20 రూపాయలు నియంత్రణలో ఉన్న మందులు, 15 రూపాయలు పాలపొడి, డైపర్లు, సబ్బుల వంటివి, 15 రూపాయలు జనరిక్ మందులు. మొదటి 50 మీద 20 శాతం చొప్పున 10 రూపాయలు. 20 మీద 15 శాతం చొప్పున 3. పాలపొడి రకం మీద 8 శాతం మించి రాదు, 1 రూపాయి 20 పైసలు. జనరిక్ మీద కాస్త అటూ ఇటూగా 45 శాతం వస్తుంది, 6 రూపాయల 75 పైసలు. మొత్తం 20.95. దాదాపు 21 శాతం. డిస్కౌంట్లు లేని, ఎక్స్‌పైరీలు లేని షాపుకి ఇదే గరిష్ఠం.

ఇందులో 28.5 రావాలంటే ఏం జరగాలో వెనక్కి లెక్కేయండి. జనరిక్ తీసేస్తే మిగతా 85 రూపాయల సరుకు సగటు 16.7 శాతం దగ్గర ఉంది. జనరిక్ 45 శాతం. ఈ రెండు కలిసి 28.5 అవ్వాలంటే అమ్మకంలో జనరిక్ వాటా వందకి 42 ఉండాలి. విలువలో 42. జనరిక్ స్ట్రిప్ ధర బ్రాండెడ్ దానికన్నా చాలా తక్కువ కాబట్టి స్ట్రిప్పుల లెక్కన చూస్తే షాపులోంచి పోయే మందుల్లో అత్యధికం అవే కావాలి. డాక్టర్ పేరుపెట్టి రాసిన మందు చీటీ పట్టుకుని కస్టమర్ వచ్చే కొత్త కాలనీ షాపులో అది సాధ్యమా అని తమ్ముడిని అడగండి. ఏ ప్లాన్‌కైనా నేను ఈ పరీక్ష చేస్తాను. మార్జిన్ ఎక్కువగా ఉందని ఊరికే అనను, ఆ మార్జిన్ రావాలంటే అమ్మకాల్లో ఏ సరుకు ఎంత ఉండాలో తేలుస్తాను. నమ్మొచ్చో లేదో అప్పుడు దానంతట అదే కనిపిస్తుంది.

ఇక డిస్కౌంటు. మీ రిపోర్టులో ఆ మాటే లేదు. ఇప్పుడు ఏ ఊళ్లో చూసినా బోర్డు మీదే 10 శాతం అని రాసి పెడుతున్నారు. ఆ 105 రూపాయల స్ట్రిప్‌కి 10 శాతం తగ్గిస్తే 94 రూపాయల 50 పైసలు వస్తాయి, జీఎస్టీ తీస్తే 90. కొన్నది 80. మిగిలింది 10. కస్టమర్‌కి తగ్గించింది పదో వంతే, మీకు పోయింది సగం లాభం. 15 శాతం ఇస్తే మిగిలేది 5 రూపాయలే. బ్రాండెడ్, నియంత్రణ మందులు కొనేవాళ్లలో సగం మందికి 10 శాతం ఇచ్చారనుకుందాం. 100 రూపాయల అమ్మకంలో ఆ రెండు రకాలు 70, దాని సగానికి 10 శాతం అంటే మూడున్నర రూపాయలు పోయాయి. అమ్మకం 96.50, లాభం 17.45, మార్జిన్ 18.1. అందరికీ ఇస్తే 15కి దిగుతుంది. దీని పైన ఎక్స్‌పైరీ, పగిలినవి, స్టాకిస్టు వెనక్కి తీసుకోని సరుకు కింద ఒక శాతం తీసేయండి. కొత్త షాపులో ఏది కదులుతుందో తెలియక కొనేస్తాం కాబట్టి మొదటి ఏడాది ఇది ఇంకాస్త ఎక్కువే ఉంటుంది. 17 ఇలా వచ్చింది. పది స్ట్రిప్పులకి ఒకటి ఉచితం లాంటి స్కీములు తమ్ముడు బాగా పట్టుకోగలిగితే ఒక శాతం పైకి రావచ్చు, కానీ కొత్త షాపుకి, అప్పు మీద సరుకు తెచ్చుకునేవాడికి మంచి స్కీములు అందవు. ప్లాన్‌లో వాటిని లెక్కలోకి తీసుకోకండి.

ఈ 17 నేను కట్టుకున్న కథ కాదని ఎలా తెలుస్తుంది? బయట లెక్కలు ఉన్నాయి, వాటితో పోల్చి చూడొచ్చు. హైదరాబాద్‌లో 2006లో మొదలైన మెడ్‌ప్లస్ 2021 డిసెంబరులో స్టాక్ మార్కెట్లో లిస్టయింది, కాబట్టి వార్షిక నివేదిక ఎవరైనా చూడొచ్చు. లాభనష్టాల పట్టికలో ఆదాయం తీసుకోండి, అందులోంచి సరుకు కొనుగోళ్లు తీసేయండి, ఏడాది మొదట్లో చివర్లో ఉన్న సరుకు తేడా సర్దండి. మిగిలింది ఆదాయంతో భాగించండి. 2023-24కి ఇలా చేస్తే 20కి 25కి మధ్యలో తేలుతుంది. ఆ ఏడాది ఆదాయం 5,600 కోట్లు దాటింది, పన్ను పోను లాభం సుమారు 65 కోట్లు. అంటే వంద రూపాయల అమ్మకం మీద రూపాయి పావలా కూడా కాదు. మీ రిపోర్టు వందకి 20 రూపాయల 50 పైసలు అంటోంది.

అయితే ఈ పోలిక తొందరపడి చేయకూడదు. గొలుసు షాపులవాళ్లు కంపెనీ దగ్గర నుంచి గోదాముకి నేరుగా కొంటారు, కాబట్టి స్టాకిస్టుకి పోయే 8 నుంచి 10 శాతం కూడా చాలావరకు వాళ్లకే ఉంటుంది. సొంత బ్రాండ్ల సరుకూ ఉంది. ఆ రెండూ ఉండి, డిస్కౌంట్లు ఇచ్చాక, వాళ్లకి వచ్చేది ఇరవైల మొదట్లోనే. ఆ రెండూ లేని మీ షాపుకి దానికన్నా నాలుగైదు తక్కువ రావడం సహజం. లాభం దగ్గర మాత్రం మీరు వాళ్లకన్నా పైన ఉండాలి, ఎందుకంటే వాళ్లకి హెడ్ ఆఫీసు, గోదాములు, కొత్తగా తెరిచి ఇంకా నిలదొక్కుకోని షాపులు ఉన్నాయి. నేను చూసిన సొంత షాపుల్లో యజమాని తన జీతం కూడా ఖర్చుగా రాసుకున్నాక మూడు నుంచి ఆరు శాతం మిగిలితే బాగా నడుస్తున్న షాపే.

ఒక జాగ్రత్త చెప్పాలి. లిస్టయిన కంపెనీ నివేదికలో అద్దె పంక్తి చూసి "వీళ్లకి అద్దె ఇంత తక్కువా" అనుకుని అదే శాతం మీ ప్లాన్‌లో వేయకండి. ఇండ్ ఏఎస్ 116 అనే అకౌంటింగ్ నియమం వచ్చాక, దీర్ఘకాలపు లీజు అద్దెలు అద్దె పేరుతో కనిపించవు. కొంత తరుగుదలలోకి, కొంత వడ్డీలోకి వెళ్లిపోతాయి. నగదు ప్రవాహాల పట్టికలో లీజు చెల్లింపులు చూస్తే అసలు అద్దె తెలుస్తుంది. బాగా చదువుకున్న కన్సల్టెంట్లు కూడా ఇక్కడ తప్పటడుగు వేయడం చూశాను.

ఖర్చుల దగ్గరకి వద్దాం. మార్జిన్‌ని శాతంలో పోల్చాలి, ఖర్చుల్ని ముందు రూపాయల్లో పోల్చాలి. అమ్మకం తగ్గితే సరుకు కొనుగోలు తగ్గుతుంది గానీ అద్దె తగ్గదు, జీతం తగ్గదు. మీ కన్సల్టెంట్ 8 శాతం అని రాశాడు, అది 6 లక్షలు అమ్మితేనే. 3 లక్షలే అమ్మితే అదే 48 వేలు 16 శాతం. కాబట్టి ప్రతి ఖర్చునీ మనిషి, గంట, బిల్లు లెక్కన చూడండి.

షాపు ఉదయం 8 నుంచి రాత్రి 10 దాకా తెరుస్తారనుకుందాం. రోజుకి 14 గంటలు, నెలకి 420 గంటలు. నిబంధనల ప్రకారం చీటీ మీద మందుని రిజిస్టర్ అయిన ఫార్మసిస్టు గానీ, అతని ప్రత్యక్ష పర్యవేక్షణలో ఇంకొకరు గానీ ఇవ్వాలి. రిపోర్టులో ఫార్మసిస్టు జీతం సున్నా, ఎందుకంటే తమ్ముడే ఫార్మసిస్టు. ఇది ఇంట్లోవాళ్లకి మిగులులా కనిపిస్తుంది. కానీ తమ్ముడు వేరే షాపులో చేస్తే వచ్చే జీతం ఇక్కడ వదులుకుంటున్నాడు, పైగా ఇల్లు గడవడానికి ఇందులోంచే తీసుకుంటాడు. అందుకే 20 వేలు రాయండి. మనం పోల్చే గొలుసు షాపుల లెక్కలో ఫార్మసిస్టు జీతం ఉంది, మన లెక్కలో లేకపోతే పోలికకి అర్థమే లేదు. తమ్ముడి రిజిస్ట్రేషన్ పూర్తయిందో లేదో కూడా చూసుకోండి, చదువు అయిపోవడం వేరు, రాష్ట్ర ఫార్మసీ కౌన్సిల్‌లో నమోదు కావడం వేరు.

ఇద్దరు కుర్రాళ్లకి 18 వేలు అంటే ఒక్కొక్కరికి 9. ఆ జీతానికి చీటీ చదవగలిగిన కుర్రాడు నిలవడు. రెండు నెలలు నేర్చుకుని పక్క షాపుకి వెళ్తాడు. 12 చొప్పున 24 వేలు వేయండి. కరెంటు 5 వేలు చాలదు, ఫ్రిజ్ రాత్రంతా నడవాలి, ఇన్సులిన్ ఉంటుంది కదా. ఎండాకాలం ఏసీ కూడా పగలంతా నడుస్తుంది. ఏడాది సగటు 7 వేలు. ఇతరాలు 10 వేలు ఉండనివ్వండి, కానీ అందులో ఏమున్నాయో విడగొట్టమనండి: బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, అకౌంటెంట్, కవర్లు, ఫోను, డెలివరీ పెట్రోలు, కార్డు మిషను. అద్దె 15 వేలు అలాగే ఉంచుదాం. ఇంకొకటి రిపోర్టు పూర్తిగా మరిచిపోయింది. ర్యాకులు, ఏసీ, ఫ్రిజ్, కంప్యూటరు, అద్దాల తలుపు కలిపి 4 లక్షలు పెడతారనుకోండి. ఎనిమిదేళ్లు వస్తే నెలకి 4 వేల పైచిలుకు అరుగుదల. మొత్తం కూడితే 80 వేలు.

ఇప్పుడు రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టండి. 6 లక్షల అమ్మకం మీద 17 శాతం అంటే 1 లక్షా 2 వేలు. ఖర్చులు 80 వేలు. మిగిలేది 22 వేలు, అమ్మకంలో 3.7 శాతం. నేను పైన చెప్పిన మూడు నుంచి ఆరు మధ్యలో పడింది. రిపోర్టులో ఉన్న 1 లక్షా 23 వేలకి ఇది అయిదో వంతు కూడా లేదు.

లోను కట్టగలరా అంటే, 10 లక్షలు 11 శాతం వడ్డీకి అయిదేళ్లకి తీసుకుంటే వాయిదా నెలకి సుమారు 21,750. మిగులు 22 వేలకి అరుగుదల 4 వేలు కలపాలి, అది జేబులోంచి ప్రతి నెలా పోయే డబ్బు కాదు. 26 వేలు. వాయిదాకి 1.2 రెట్లు. బ్యాంకువాళ్లు 1.5 చూడాలనుకుంటారు, 1.2 అంటే ఆలోచిస్తారు. తమ్ముడి జీతం 20 వేలు ముందే తీసి పక్కన పెట్టాం కాబట్టి ఇల్లు గడుస్తుంది. సన్నటి దారి అన్నది ఇదే.

కానీ ఇదంతా 6 లక్షల అమ్మకం వస్తేనే. ఖర్చులు 80 వేలని 17 శాతంతో భాగించండి, 4 లక్షల 70 వేలు వస్తుంది. దానికి లోపల ఎంత అమ్మినా నష్టమే. రోజుకి 15,700. సగటు బిల్లు 250 అనుకుంటే రోజుకి 63 బిల్లులు. 6 లక్షలకైతే రోజుకి 20 వేలు, 80 బిల్లులు. ఈ పరీక్ష ఏ నివేదికలోనూ దొరకదు, కాళ్లతో చేయాలి. మీరు షాపు పెట్టాలనుకున్న వీధిలో ఇప్పటికే ఉన్న షాపు ఎదురుగా, ఒక సోమవారం, ఒక ఆదివారం, సాయంత్రం 6 నుంచి 9 దాకా కూర్చుని కవరు పట్టుకుని బయటికొచ్చేవాళ్లని లెక్కపెట్టండి. కాలనీ షాపులో రోజు బిల్లుల్లో సగం ఆ మూడు గంటల్లోనే పడతాయి. పాతుకుపోయిన ఆ షాపుకే 40 మంది దాటకపోతే, కొత్తవాళ్లయిన మీకు మొదటి నెల నుంచే 80 బిల్లులు ఎలా వస్తాయో రిపోర్టు రాసినవాడు చెప్పాలి. 4 లక్షల 50 వేలే అమ్మితే మార్జిన్ 76,500, ఖర్చు 80 వేలు. అరుగుదల 4 వేలు కలిపినా మిగిలేది దాదాపు ఏమీ లేదు, వాయిదాకి తమ్ముడి జీతమంతా తీసినా చాలదు.

సగటుకి బయట ఉన్న ప్రతి అంకె అబద్ధం కాదు. ఒకసారి నా దగ్గరకి 30 శాతం మార్జిన్ రాసిన ఫైలు వచ్చింది, ముందు పక్కన పెట్టేశాను. మళ్లీ చూస్తే అది ఓ నర్సింగ్ హోము లోపల ఉన్న షాపు. డిస్కౌంట్లు అడిగేవాళ్లు లేరు, లోపలి డాక్టర్లు రాసే మందులే షాపులో ఉంటాయి, సర్జికల్ సరుకు మీద మార్జిన్ బాగా ఎక్కువ. కానీ అద్దె పంక్తి చూస్తే అమ్మకంలో 11 శాతం ఆసుపత్రికి పోతోంది, పెద్ద డిపాజిట్ వేరే. మార్జిన్ ఎంత పెరిగిందో అద్దె దాదాపు అంతే మింగేసింది. ఆ ఫైలు నిజమే, ఎందుకంటే ఒక అంకె సగటు దాటితే దానికి జోడైన ఇంకో అంకె కూడా దాటింది. మీ రిపోర్టులో మార్జిన్ ఆసుపత్రి లోపలి షాపుది, అద్దె 2.5 శాతం వీధి షాపుది. రెండూ ఒకే షాపులో ఉండవు.

చివరగా ఒక మాట, ఎక్కడ సగటు వెతకకూడదో. కొందరు ఊళ్లో షాపులవాళ్ల ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులు తెచ్చి "ఈ లైన్లో లాభం 8 శాతం" అంటారు. ఇన్‌కమ్ ట్యాక్స్‌లో అంచనా లాభం పద్ధతి కింద చిన్న వ్యాపారులు అమ్మకంలో 8 శాతం, బ్యాంకు ద్వారా వచ్చిన అమ్మకానికి 6 శాతం లాభంగా చూపిస్తే చాలు, లెక్కల పుస్తకాలు అడగరు. అందుకే కిరాణా షాపైనా, మెడికల్ షాపైనా అదే 6, అదే 8 కనిపిస్తుంది. అది పన్ను కోసం చూపించిన అంకె, వ్యాపారం లాభం కాదు. దానికన్నా తెలిసిన షాపాయన ఏడాది కొనుగోలు బిల్లుల మొత్తం, ఏడాది అమ్మకం, మార్చి 31 నాటి సరుకు విలువ చెబితే మార్జిన్ మీరే కట్టుకోవచ్చు. ఆయన చెప్పకపోతే మందుల స్టాకిస్టుని అడగండి, ఏ షాపు నెలకి ఎంత కొంటుందో, ఏ షాపు బిల్లులు ఆలస్యం చేస్తుందో ఆయనకి తెలుసు. పేరు చెప్పకుండా అంకె మాత్రం చెబుతారు.

ఇప్పుడు మీరు కన్సల్టెంట్‌ని అడగాల్సినవి రెండే. జీఎస్టీ లేకుండా, సరుకు రకం వారీగా మార్జిన్ కట్టి, డిస్కౌంటూ ఎక్స్‌పైరీ విడిగా చూపించమనండి. మొదటి ఏడాది అమ్మకం నెలనెలా రాసి, మొదటి నెల లక్షన్నరతో మొదలుపెట్టి ఎన్నో నెలలో 4 లక్షల 70 వేలు దాటుతుందో చూపించమనండి. ఆ లోపు పడే నష్టం మొత్తం ఎంతో కూడితే, లోను కాకుండా చేతిలో ఎంత ఉంచుకోవాలో తేలుతుంది. నా అంచనాకి ఎనిమిది నుంచి పది నెలలు పడుతుంది, రెండున్నర నుంచి మూడు లక్షలు కావాలి. వాయిదాలు దీనికి అదనం, లోను మంజూరప్పుడే ఆర్నెల్లు మారటోరియం, అంటే వాయిదాలు మొదలవడానికి గడువు, అడగండి. కొత్త లెక్క వచ్చాక ఇక్కడే పెట్టండి, చూస్తాను.